ఆర్డరు సరే, ఈ మెయిల్ సంగతేమిటి?

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. యజమాని ఒక్కడే. హైదరాబాద్‌లో ఆఫీసున్న ఒక మందుల కంపెనీ శాంపిళ్లు చూసింది, రేటు కుదిరింది, నాలుగు వేల పెట్టెలు కావాలంది. పర్చేజ్ ఆర్డరు కోసం ఎదురుచూస్తుంటే, దాని కంటే ముందు ఒక పొడవాటి మెయిల్ వచ్చింది. మిమ్మల్ని మా వెండర్‌గా నమోదు చేసుకోవడానికి పాన్ కార్డు, జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ సర్టిఫికెట్, క్యాన్సిల్డ్ చెక్కు పంపండి, జతచేసిన ఫారం నింపి సంతకం పెట్టి స్టాంపు వెయ్యండి అని అందులో ఉంది. బ్యాంకు వివరాలు సరిచూసుకున్నాకే వెండర్ కోడ్ ఇస్తామట. బిల్లు మీద పర్చేజ్ ఆర్డరు నంబరు లేకపోతే వెనక్కి పంపేస్తారట. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, చెల్లింపు 60 రోజులకు అని ఉంది.

చాలామంది ఈ మెయిల్‌ను తెరిచి కూడా సరిగా చూడరు. ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాడికి ఫార్వర్డ్ చేసి, ‘ఏవేవో అడుగుతున్నారు, పంపించెయ్యి బాబూ’ అనేస్తారు. నిజానికి అందులోని ఒక్కో వాక్యం వెనుక కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఉన్న ఒక్కో భయం ఉంది. డబ్బు వేరేవాడి ఖాతాలోకి పోతుందేమోనన్నది అన్నిటికంటే పెద్దది. మీకు కట్టిన జీఎస్టీ తిరిగి తమ లెక్కలో జమ కాదేమోనన్నది ఇంకొకటి. ఈ రెండూ అర్థమైతే మెయిల్ చాలావరకు అర్థమైనట్టే.

కాగితాల సంగతి ముందు చూద్దాం. పాన్ నంబరులో నాలుగో అక్షరం ఆ కార్డు ఎవరిదో చెప్పేస్తుంది. P అయితే వ్యక్తి, F అయితే భాగస్వామ్య సంస్థ, C అయితే కంపెనీ. మన పెట్టెల యూనిట్ సొంత వ్యాపారం కాబట్టి దానికి వేరే పాన్ ఉండదు, యజమాని పానే వ్యాపారానికీ పాన్. జీఎస్టీ నంబరులో ఉండే పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పదీ అచ్చంగా ఆ పాన్ నంబరే. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. కంపెనీలో కూర్చున్న గుమస్తా ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరి జీఎస్టీతో ఇంకొకరు వ్యాపారం చేస్తున్నారా అన్నది నిమిషంలో తేలిపోతుంది.

ఆ తర్వాత అతను జీఎస్టీ పోర్టల్‌లో మీ నంబరు కొట్టి చూస్తాడు. దానికి మీ అనుమతి అక్కర్లేదు, అది ఎవరైనా చూడొచ్చు. మీ రిజిస్ట్రేషన్ నడుస్తోందా, రద్దయిందా, ఇప్పటివరకు ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారు అన్నవన్నీ అందులో కనబడతాయి. మీరు కాంపోజిషన్ పథకంలో ఉన్నారా అన్నదీ కనబడుతుంది. ఉంటే మన కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆ పథకంలో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, బిల్లు మీద పన్ను వసూలు చేయకూడదు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పెట్టెలు పంపాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌లోకి మారాల్సిందే.

ఇక బ్యాంకు వివరాలు. మెయిల్‌లో అసలు గట్టి భాగం ఇదే.

నెఫ్ట్ ద్వారానో ఆర్టీజీఎస్ ద్వారానో డబ్బు పంపేటప్పుడు పేరు, ఖాతా నంబరు రెండూ రాస్తాం. రెండూ కలిస్తేనే జమ అవుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఆ పద్ధతుల్లో డబ్బు జమ కావడానికి ఖాతా నంబరు ఒక్కటే ఆధారం. ఒక అంకె తప్పు పడి ఆ నంబరుతో ఇంకెవరికో ఖాతా ఉంటే, పేరు ఏమున్నా డబ్బు వాళ్లకే పోతుంది. యూపీఐలో మాదిరిగా, పంపేముందే ఎదుటివారి పేరు కనబడే సౌకర్యం నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో కూడా 2025 ఏప్రిల్ 1 నాటికి తేవాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో బ్యాంకులను ఆదేశించింది. అయినా ఒకేసారి వందల చెల్లింపులను ఫైలుగా పంపే కంపెనీలు పేరును ముందే, అంటే వెండర్ నమోదు సమయంలోనే, సరిచూసుకోవాలనుకుంటాయి.

క్యాన్సిల్డ్ చెక్కు అడిగేది అందుకే. చెక్కు మీద ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఖాతాదారు పేరు బ్యాంకు అచ్చువేసి ఇస్తుంది కాబట్టి చేతితో రాసిన ఫారం కంటే దాన్ని ఎక్కువ నమ్ముతారు. పేరు అచ్చులేని చెక్కయితే ఒప్పుకోరు. అప్పుడు బ్యాంకు మేనేజరు దగ్గర లెటర్ తెచ్చుకోవాలి. చెక్కు మీద అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో CANCELLED అని రాస్తే చాలు, సంతకం పెట్టకూడదు. మెయిల్‌లో పది చేతులు మారే కాగితం మీద మీ సంతకం నమూనా ఎందుకు? గీతలు అంకెల మీదుగా పోకుండా చూసుకోవడం కూడా మంచిది.

మన ప్రాంతంలో ఈ చెక్కుల దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ANDB తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీలు పోయి UBIN తో మొదలయ్యేవి వచ్చాయి. సొరుగులో మిగిలిపోయిన పాత చెక్కుబుక్కు నుంచి ఒక కాగితం చింపి ఫొటో తీసి పంపే అలవాటు ఇంకా పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాక ఇలాంటి పాత కాగితాలు ఇంకొన్ని తయారయ్యాయి. ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. దాన్ని O అక్షరంగా టైపు చేసినందుకు ఫారం వెనక్కి వచ్చినవాళ్లూ ఉంటారు.

చెక్కు అందాక కంపెనీ చాలాసార్లు మీ ఖాతాలోకి ఒక్క రూపాయి పంపుతుంది. పెన్నీ డ్రాప్ అంటారు దీన్ని. ఆ రూపాయి జమ కాగానే మీ బ్యాంకు తన రికార్డులో ఉన్న ఖాతాదారు పేరును వెనక్కి పంపుతుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ పేరును పాన్ మీది పేరుతో పోల్చి ఎంత శాతం కలిసిందో లెక్క కడుతుంది. తక్కువైతే ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని మెయిల్ వస్తుంది.

తెలుగువాళ్లకు ఈ మెయిల్ కాస్త ఎక్కువే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఒకచోట పూర్తిగా రాస్తాం, ఇంకోచోట ఒక్క అక్షరంతో సరిపెడతాం. పాన్ కార్డులో అదే ఇంటిపేరు చివరికి పోయి కూర్చుంటుంది. పేరు చివర రావు కలిసి ఉంటుందా విడిగా ఉంటుందా అన్నది బడిలో చేర్చినవాళ్ల ఇష్టం. ఒకే మనిషి బ్యాంకులో VENKATESWARARAO, పాన్‌లో VENKATESWARA RAO, ఆధార్‌లో VENKATESHWAR RAO అయి ఉండటం మనకు వింతేమీ కాదు, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు. దీనికి గాబరా పడనక్కర్లేదు. కానీ పేర్లు ఒకరివేనని బ్యాంకు నుంచో, నోటరీ ఎదుటో ఒక కాగితం తయారు చేయించుకుంటే తర్వాత వచ్చే ప్రతి కంపెనీకీ అదే పనికొస్తుంది.

సొంత వ్యాపారంలో ఇంకో ముడి ఉంది. పాన్ మనిషి పేరు మీద, కరెంటు ఖాతా షాపు పేరు మీద ఉంటాయి. పెన్నీ డ్రాప్‌లో షాపు పేరు వస్తుంది, పాన్‌లో మనిషి పేరుంటుంది, రెండూ ఒక్క అక్షరం కూడా కలవవు. ఈ రెంటినీ కలిపే కాగితం జీఎస్టీ సర్టిఫికెట్. అందులో చట్టపరమైన పేరు అన్నచోట యజమాని, వ్యాపార నామం అన్నచోట షాపు, రెండూ ఒకే పేజీలో ఉంటాయి. మిస్‌మ్యాచ్ మెయిల్‌కు జవాబుగా దాన్నే మళ్లీ పంపి, ఈ రెండు గళ్లనూ చూడమని ఒక వాక్యం రాస్తే సాధారణంగా పని అయిపోతుంది. అలా కాకుండా భార్య పేరు మీదున్న సేవింగ్స్ ఖాతా ఇస్తే, అందులో మోసమేమీ లేకపోయినా, ఏ కంపెనీ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే సబబు.

పేరు కలిసింది కదా, ఇక భయం లేదు అనుకోవడానికి కూడా లేదు. లిథువేనియాకు చెందిన ఎవాల్దస్ రిమసౌస్కస్ అనే వ్యక్తి 2013 నుంచి 2015 వరకు గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలనే బురిడీ కొట్టించాడు. ఆ రెండూ తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ అనే సంస్థ దగ్గర సామగ్రి కొనేవి. ఇతను లాట్వియాలో సరిగ్గా అదే పేరుతో ఒక కంపెనీ రిజిస్టరు చేయించాడు, ఆ పేరుతోనే బ్యాంకు ఖాతాలు తెరిచాడు, అసలు వెండర్ పంపినట్టే బిల్లులూ మెయిళ్లూ పంపాడు. రెండు సంస్థలూ కలిపి 12 కోట్ల డాలర్లకు పైగా ఆ ఖాతాల్లోకి పంపేశాయి. 2019 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు అతనికి అయిదేళ్ల జైలు వేసింది. అక్కడ పేరు అక్షరం పొల్లుపోకుండా కలిసింది. ఖాతా మారింది, అంతే. ఆ మార్పు నిజమేనా అని అసలు వెండర్‌ను అడిగినవాళ్లు లేకపోయారు.

చిన్న వెండర్ల దగ్గర ఇదే మోసం ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఎవరో మీ మెయిల్ పాస్‌వర్డ్ తెలుసుకుంటారు. వెంటనే ఏమీ చెయ్యరు. మీ మెయిళ్లన్నీ తమకూ వచ్చేలా ఒక ఫార్వర్డింగ్ అమర్చుకుని, బిల్లు పంపి చెల్లింపు తేదీ దగ్గరపడేదాకా కాచుకుని ఉంటారు. అప్పుడు అదే మెయిల్ వరుసలో, మీ సంతకం కిందే, ‘మా పాత ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ కొత్త ఖాతాలో వేయండి’ అని కంపెనీకి రాస్తారు. లేదా మీ మెయిల్ చిరునామాలో m ఉన్నచోట r, n పక్కపక్కన పెట్టి rn తో కొత్త చిరునామా చేసుకుంటారు. ఫోన్ తెర మీద ఆ తేడా కనబడదు.

అందుకే జాగ్రత్తగల కంపెనీలు ఖాతా మార్పు కోరుతూ మెయిల్ వస్తే ఫోను చేస్తాయి. ఆ ఫోను మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మొదట్లో మీరు నింపిన ఫారంలోని నంబరుకు. కాబట్టి ఫారంలో ‘సంప్రదించాల్సిన వ్యక్తి’ అన్న గడిని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ ఆడిటర్ ఆఫీసు కుర్రాడి నంబరు రాస్తే, రేపు అతను ఉద్యోగం మానేశాక ఆ ఫోను ఎవరు ఎత్తుతారు? యజమాని సొంత నంబరే రాయాలి. మెయిల్‌కు రెండంచెల భద్రత పెట్టుకుని, సెట్టింగుల్లో మీకు తెలియని ఫార్వర్డింగ్ ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణం 1930కి ఫోను చేయాలి. అలాంటి డబ్బు గంటల్లో పది ఖాతాలు దాటిపోతుంది.

అసలు ఈ మొదటి మెయిలే నకిలీది కావచ్చు. నమోదు ఫీజు అడిగినా, ఓటీపీ చెప్పమన్నా, ఆ ఒక్క రూపాయి అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అది కంపెనీ నుంచి వచ్చింది కాదు. డబ్బు రావడానికి ఏ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు, ఏ పిన్నూ కొట్టనక్కర్లేదు. మీతో రేటు మాట్లాడిన పర్చేజ్ మేనేజరుకు ఒక ఫోను చేసి మెయిల్ మీదేనా అని అడగండి.

వెండర్ కోడ్ వచ్చింది, పర్చేజ్ ఆర్డరూ వచ్చింది. నాలుగు వేల పెట్టెలు, ఒక్కోటి 25 రూపాయలు, మొత్తం లక్ష. అట్టపెట్టెల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంటే 5,000. బిల్లు 1,05,000. ఇంత సులువైన లెక్కలో తప్పు ఎక్కడ వస్తుంది? పన్ను పేరులో వస్తుంది.

కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, పెట్టెలు దింపాల్సిన ఫ్యాక్టరీ విశాఖ దగ్గర పరవాడలో ఉంది. లారీ ఆంధ్రప్రదేశ్ దాటడం లేదు కదా అని మన యజమాని సీజీఎస్టీ 2,500, ఎస్‌జీఎస్టీ 2,500 అని రాశాడనుకోండి. అది సరైనదో కాదో లారీ వెళ్లే దారి చెప్పదు, ఆర్డరు మీద ‘బిల్ టు’ అన్నచోట ఉన్న కంపెనీ జీఎస్టీ నంబరు చెబుతుంది. అది 36తో మొదలైతే, సరుకు పరవాడలో దిగినా, కొన్నది హైదరాబాద్ ఆఫీసు కాబట్టి అమ్మకం తెలంగాణకు జరిగినట్టే లెక్క. మొత్తం 5,000 ఐజీఎస్టీగా రాయాలి. కంపెనీకి ఆంధ్రప్రదేశ్‌లోనూ రిజిస్ట్రేషన్ ఉండి ఆ నంబరు 37తో మొదలైతే, అప్పుడు సగం సగం రాయడమే సరి. తప్పు రాస్తే కంపెనీ ఆ 5,000 తన పన్నులో మినహాయించుకోలేదు. బిల్లు వెనక్కి వస్తుంది, క్రెడిట్ నోట్ ఇచ్చి కొత్త బిల్లు చేయాలి, ఈలోగా ఒక నెల గడుస్తుంది.

బిల్లు నంబరు పదహారు అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ వాడకూడదు. హెచ్ఎస్ఎన్ కోడ్ ఉండాలి. ఇవి చట్టం అడిగేవి. పర్చేజ్ ఆర్డరు నంబరు చట్టం అడగదు, కంపెనీ అడుగుతుంది. ఆర్డరు, గోడౌన్‌లో సరుకు దిగినట్టు రాసుకున్న రసీదు, మీ బిల్లు, ఈ మూడూ ఒకే లెక్క చెబితేనే వాళ్ల కంప్యూటర్ చెల్లింపుకు దారి ఇస్తుంది. నాలుగు వేల పెట్టెల్లో యాభై తడిసి తీసుకోకపోతే బిల్లు 3,950కే చేయడం మేలు. నాలుగు వేలకూ బిల్లు పెట్టి తర్వాత చూసుకుందాం అంటే మొత్తం ఆగుతుంది.

సరైన బిల్లు ఇచ్చినా పన్ను భాగం ఆగడానికి ఇంకో కారణం ఉంది. మీరు రిటర్నులో ఆ బిల్లును ఎక్కిస్తేనే కంపెనీ ఖాతాలో అది కనబడుతుంది, కనబడితేనే ఆ 5,000 వాళ్లకు దక్కుతుంది. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు మరుసటి నెల 11లోగా ఎక్కించాలి. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మధ్య నెలల బిల్లులను మాత్రం 13లోగా ఎక్కించే వెసులుబాటు ఉంది. అది తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. ఫలితంగా ఏప్రిల్ బిల్లు జులైలో గానీ కంపెనీకి కనబడదు. అందుకే ‘పన్ను మొత్తం పోర్టల్‌లో కనబడ్డాకే చెల్లిస్తాం’ అన్న వాక్యం మెయిల్‌లో పెడతారు. అది అన్యాయమని వెండర్లు గొణుక్కుంటారు గానీ, నా మటుకు నాకు ఇందులో కంపెనీది తప్పని అనిపించదు.

అదే మెయిల్ చివర ఉన్న 60 రోజుల మాట వేరు. అది తప్పే. మన యూనిట్ ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా, అదీ తయారీదారుగా, నమోదై ఉంటే, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించి గడువు పెట్టే హక్కు కొనేవారికి లేదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఇది 2006 నాటి చట్టం. మీరు 60 రోజులకు సంతకం పెట్టినా 45 రోజులే లెక్క. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. వడ్డీ అడిగి పెద్ద కంపెనీతో గొడవ పెట్టుకునే చిన్న వెండరు అరుదు కాబట్టి చాలాకాలం ఇది కాగితం మీదే ఉండిపోయింది. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఆదాయపు పన్ను చట్టం దీనికి పళ్లు తొడిగింది. గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి ఇంకా తీరకపోతే కంపెనీ దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. అప్పటినుంచే మెయిళ్లలో ఉద్యమ్ సర్టిఫికెట్ అడగడం పెరిగింది. కొనుక్కొచ్చి అమ్మే వ్యాపారులకు మాత్రం, ఉద్యమ్ నంబరున్నా, ఈ రక్షణ వర్తించదు.

కాబట్టి సర్టిఫికెట్ పంపేటప్పుడు దాంతోపాటు, ‘మేము సూక్ష్మ తయారీ సంస్థ, గడువును 45 రోజులుగా సవరించగలరు’ అని మర్యాదగా ఒక వాక్యం రాయొచ్చు. ఆర్డరు ఇంకా చేతికి రాలేదు కదా అని జంకుతారు గానీ, అకౌంట్స్ వాళ్లకు ఈ సంగతి మీకంటే బాగా తెలుసు. చాలాసార్లు ఆ 60 అన్నది పాత మెయిల్ నమూనాలో ఎవరూ మార్చకుండా మిగిలిపోయిన అంకె.

కొన్ని కంపెనీలు ‘సరైన బిల్లు అందిన రోజు నుంచి 45 రోజులు’ అని రాస్తాయి. బిల్లు వెనక్కి పంపిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందన్నమాట. చట్టం లెక్క బిల్లుతో మొదలు కాదు. సరుకు అందిన 15 రోజుల్లో దానిమీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు. అందుకని పరవాడ గోడౌన్‌లో పెట్టెలు దించగానే డెలివరీ చలాన్ మీద స్టాంపు, సంతకం, తేదీ మూడూ వేయించుకుని రమ్మని లారీ డ్రైవరుకు గట్టిగా చెప్పి పంపాలి. తేదీ లేని స్టాంపుతో ఆ 45 రోజులు ఎక్కడినుంచి మొదలయ్యాయో నిరూపించడం కష్టం.